ఎర్ర కాగితం మీద పది అక్షరాలు

2019 జనవరి చివర్లో షియాన్ వెళ్లాను. మా తమ్ముడు అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. చైనా కొత్త సంవత్సరం ఆ ఏడాది ఫిబ్రవరి 5న వచ్చింది. "పండగకి రా అక్కా, ఊరంతా ఎర్రగా ఉంటుంది" అని వాడు పిలిస్తే, స్కూల్లో సెలవు పెట్టి బయల్దేరాను. నేను తెలుగు టీచర్ని. ఛందస్సు పాఠం అంటే నాకు ప్రాణం. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

మొదటి రోజు కోటగోడ పక్కనున్న షూయువాన్‌మన్ వీధికి తీసుకెళ్లాడు. కుంచెలు, సిరా, కాగితం అమ్మే వీధి అది. ఎర్ర కాగితాల మీద పండగ ద్విపాదాలు రాసిచ్చేవాళ్లు అక్కడ బల్లలు వేసుకుని కూర్చున్నారు. వాటిని ఛున్‌ల్యెన్ అంటారు. గుమ్మానికి అటొక పాదం, ఇటొక పాదం నిలువుగా అతికిస్తారు. పైన అడ్డంగా నాలుగక్షరాల చిన్న పట్టీ ఉంటుంది, దాని పేరు హెంగ్‌ఫీ. చూడ్డానికి బాగున్నాయి కానీ అక్షరం ముక్క అర్థం కాలేదు. అసలు సంగతి తెలిసింది పల్లెటూళ్లో.

తమ్ముడి క్లాస్‌మేట్ వాళ్లది షియాన్‌కి దక్షిణాన, చిన్‌లింగ్ కొండల కింద చిన్న ఊరు. పండగ ముందు రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. ఆ అబ్బాయి తాతగారు ఏటా ఇరుగుపొరుగు అందరికీ ఛున్‌ల్యెన్ రాసిస్తారు. మేం వెళ్లేసరికి ముందు గదిలో బల్ల వేసి, గిన్నెలో సిరా పోసుకుని ఉన్నారు. రాసినవన్నీ ఆరడానికి నేల మీద, వెచ్చని మట్టి మంచం మీద పరిచారు. కాలు పెట్టే చోటు లేదు.

నేను తెలుగు పద్యాలు చెబుతానని తమ్ముడు ఆయనతో అనేశాడు. ఆయన కుంచె పక్కన పెట్టి, కిటికీలోంచి కొండకేసి చూసి ఒక పాదం చెప్పారు: "ష్యుయె ష్యావ్ షాన్ యోవ్ లూ." మంచు కరిగింది, కొండకు దారి ఉంది. దీనికి జత పాదం మీరు చెప్పండి అన్నారు. ఒకరు పై పాదం ఇవ్వడం, ఇంకొకరు కింది పాదం కట్టడం అక్కడ పాత ఆటే. మన సమస్యాపూరణం లాంటిది.

నాకు చైనీస్ రాదు. కానీ అర్థం నేను చెబితే తమ్ముడు మాటలు వెతుకుతాడు. పండగకి అందరూ సొంతూళ్లకి పోతున్నారు, వచ్చేటప్పుడు స్టేషన్‌లో ఆ జనాన్ని చూశాం. "వసంతం వచ్చింది, మనిషి ఇంటికి చేరాడు అందామా?" అన్నాను. వాడు క్షణంలో కట్టేశాడు: "ఛున్ లై రెన్ హుయ్ జ్యా." ఐదుకి ఐదు అక్షరాలు. మంచుకి వసంతం, కరగడానికి రావడం, కొండకి మనిషి, దారికి ఇల్లు. నామవాచకం కింద నామవాచకం, క్రియ కింద క్రియ. నాకైతే అచ్చుగుద్దినట్టు సరిపోయిందనిపించింది.

తాతగారు నవ్వుతూ తల అడ్డంగా ఊపారు. మనవడి చేత రెండు పాదాలూ నెమ్మదిగా పలికించారు. పలుకుతుంటే ఆయన వేలు గాల్లో కదిలింది. చైనీస్‌లో నాలుగు స్వరాలున్నాయి. పద్యం లెక్కకి వాటిని రెండు జట్లు చేస్తారు. నిలకడగా సాగేది, పైకి లేచేది ఒక జట్టు, దాన్ని ఫింగ్ అంటారు, సమం అనుకోండి. కిందికి వంగి లేచేది, టక్కున దిగేది రెండో జట్టు, వంపు. మన గురులఘువుల లాంటి లెక్కే, కాకపోతే ఇక్కడ కొలిచేది మాట నిడివి కాదు, అది పలికే ఎత్తుపల్లాలు.

ఆయన పాదం ఇలా నడుస్తుంది: వంపు, సమం, సమం, వంపు, వంపు. మాది: సమం, సమం, సమం, సమం, సమం. ఐదూ ఒకే జట్టు! అర్థం ఎంత కుదిరినా చెవికి అది చదునైన నేల. రెండో అక్షరం దగ్గర మరీ తప్పు. పై పాదంలో ష్యావ్ సమం, మా లై కూడా సమమే. రెండో చోట, నాలుగో చోట పాదాలు ఎదురుబొదురుగా ఉండి తీరాలి. ఒకటి, మూడు చోట్ల కొంచెం అటూ ఇటూ అయినా చూసీచూడనట్టు పోతారట.

అక్కడ నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నాను, ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు కావాలని. వాళ్లూ ఆ రెండో చోటునే పట్టుకున్నారు, కానీ అక్కడ కలపరు, విడదీస్తారు. మన ఉత్పలమాలలో నాలుగు పాదాలూ ఒకే గణాల్లో నడుస్తాయి. వాళ్ల రెండో పాదం మొదటిదానికి తిరగేసిన అచ్చు.

తాతగారు కొన్ని మాటలు మార్చారు. "వచ్చింది"కి లై బదులు దావ్. అర్థం ఇంచుమించు అదే, స్వరం మాత్రం టక్కున దిగేది. "మనిషి" అనే రెన్ బదులు ఖ, అంటే పరాయిచోట ఉన్నవాడు. చివరి రెండక్షరాల స్వరాలు సరిగానే ఉన్నా, "ఇంటికి రావడం" రోజువారీ మాట అని తీసేసి హువాన్ ష్యాంగ్, సొంతూరికి మళ్లడం, అన్నారు. ఇప్పుడు చూడండి:

ష్యుయె ష్యావ్ షాన్ యోవ్ లూ
ఛున్ దావ్ ఖ హువాన్ ష్యాంగ్

మంచు కరిగె, కొండకు దారి ఉంది. వసంతం వచ్చె, పరాయిచోటివాడు ఊరికి మళ్లాడు. కింది పాదం సమం, వంపు, వంపు, సమం, సమం. ఐదు చోట్లా ఎదురు. స్వరం కోసం మార్చిన ఖ వల్లే అర్థం కూడా బరువెక్కింది. మా తమ్ముడు అప్పటికి మూడేళ్లుగా సంక్రాంతికి ఇంటికి రాలేదు. ఆ మాట విని వాడు కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక పైన పట్టీ. తమ్ముడు "యి లూ ఫింగ్ ఆన్" అన్నాడు, అంటే క్షేమంగా వెళ్లిరండి అని. అది పనికిరాదన్నారు. లూ అనే అక్షరం పై పాదం చివర ఉంది, పట్టీలో మళ్లీ రాకూడదు. పైగా అది వెళ్లేవాళ్లకి చెప్పే మాట, మనది వచ్చినవాళ్ల గురించి. పాదాలు చెప్పకుండా వదిలేసింది పట్టీ చెప్పాలి. కొండ వచ్చింది, దారి వచ్చింది, ఊరు వచ్చింది, ఇంట్లోవాళ్లు మాత్రం రాలేదు. ఆయనే రాశారు: "హ జ్యా థువాన్ యువాన్", ఇంటిల్లిపాదీ ఒక్కచోట.

ఎర్ర కాగితాన్ని ఐదు గళ్లొచ్చేలా మడిచి, ఆ మడతల గుర్తుల్లోనే రాశారు. పెన్సిల్ గీత ఒక్కటీ లేదు. ఒక్కో అక్షరం పూర్తికాగానే తమ్ముడు కాగితాన్ని ముందుకి లాగుతూ వచ్చాడు.

పాత ఏడాది కాగితాలు గీకేసి, నైనై, అంటే ఆ అబ్బాయి నాయనమ్మ, ఉడికించిన పిండి బంకతో కొత్తవి అతికించే పని మాకిచ్చారు. నేను పై పాదం ఎడమవైపు పెట్టాను. లోపల్నించి ఒక్క కేక! గుమ్మానికి ఎదురుగా నిలబడితే పై పాదం కుడివైపుండాలి. వాళ్లింట్లో పట్టీ కూడా పాత పద్ధతిలో కుడి నుంచి ఎడమకి రాశారు. మరి ఏది పై పాదమో ఎలా తెలుస్తుంది అని అడిగాను. చివరి అక్షరం విను అన్నారు తాతగారు. లూ టక్కున దిగిపోతుంది, మాట ఇంకా ఉన్నట్టు. ష్యాంగ్ నిలకడగా సాగి ఆగుతుంది. వంపుతో ముగిసేది ముందు, సమంతో ముగిసేది తర్వాత.

బంక తడి ఆరకముందే ఊడదీసి సరిగా పెట్టాం. ఒక మూల కొంచెం చిరిగింది, నైనై వేలితో నొక్కి సర్దేశారు.

మధ్యాహ్నం ఊరంతా తిరిగాం. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి "చివరి అక్షరాలు రెండూ చదవరా" అని తమ్ముణ్ణి సతాయించాను. వాడు చదవడం, నేను కళ్లు మూసుకుని దిగిందా సాగిందా అని చెప్పడం. పదకొండో ఇంటి దగ్గర రెండు పాదాలూ తారుమారుగా ఉన్నాయి. పట్టీ ఎడమ నుంచి రాసుంటే అలా పెట్టడమూ సబబేనట, పైకి చూస్తే ఇక్కడ అది కుడి నుంచే ఉంది. తమ్ముడు తలుపు కొట్టబోయాడు. లోపల గిన్నెల చప్పుడు, పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. వాడి చెయ్యి పట్టుకుని ముందుకి నడిచాను.