పన్నెండో గీత

మంగళవారం, రాత్రి 9.30

పొద్దున ఇంట్లోంచి బయటపడేసరికే ఉక్కపోత. మద్దిలపాలెం దగ్గర ఆటో దిగి రెండు నిమిషాలు నడిచేలోపే ఒళ్ళంతా తడిసిపోయింది. వార్డులోకి వెళ్ళి ఏసీ కింద నిలబడి ఫ్యాను వైపు చూస్తుంటే నైట్ డ్యూటీ అమ్మాయి నవ్వింది. ఏడింటికి హ్యాండోవర్. మా కొత్తమ్మాయికి ఇవాళ రెండో రోజు. శ్రీకాకుళం పిల్ల, నిన్నటి కంటే ఇవాళ గొంతు కాస్త పెగులుతోంది.

నిన్న సాయంత్రం తన ఫారం నా చేతికిచ్చింది. కొత్తగా చేరిన వాళ్ళ కోసం ఆఫీసు వాళ్ళిచ్చే చెక్‌లిస్ట్ అది, 4 పేజీలు, 72 గడులు. అందులో "ఇన్సులిన్ ఇవ్వడం" అనే గడి ముందు టిక్ పెట్టి ఉంది, కింద నా సంతకానికి ఖాళీ. నిన్న నేను ఒక పేషెంటుకి ఇస్తుంటే తను చూసింది. అంతే. టిక్ పెట్టింది తను, సంతకం పెట్టబోయింది నేను. పెన్ను కనబడక వాయిదా పడింది, లేకపోతే పెట్టేసేదాన్నే.

ఇవాళ్టి సంగతి. మూడో బెడ్‌లో విజయనగరం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, కాలికి పుండు, షుగర్. పొద్దున్న షుగర్ చూస్తే 212. ఫైల్‌లో డాక్టరు గారు రాసినది 30/70 ఇన్సులిన్, అంటే త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన మందు, టిఫిన్‌కి ముందు 12 యూనిట్లు. ఇంట్లో వాడేదే కొనసాగించమని. రాత్రి ఫార్మసీ నుంచి వయల్, అంటే మందు సీసా, రాలేదు. కొడుకు ఇంటి నుంచి చిన్న ఐస్ డబ్బాలో కార్ట్‌రిడ్జ్ తెచ్చాడు, ఇన్సులిన్ పొడుచుకునే పెన్నులో వేసే మందు గొట్టం. "పెన్ను పాడైపోనాదమ్మా, మందు మాత్రం కొత్తదే" అన్నాడు.

కొత్తమ్మాయి చురుకైనది. ఆ కార్ట్‌రిడ్జ్‌ను రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించింది. 30/70 తెల్లగా మబ్బుగా ఉంటుంది, అడుగున పేరుకుంటుంది, అందుకని దొర్లించి కలపాలి, గిలక్కొట్టకూడదు. అది సరిగ్గా చేసింది. రబ్బరు కొసను స్పిరిట్ దూదితో తుడిచింది. ట్రే లోంచి ఇన్సులిన్ సిరింజి తీసి 12 గీత దాకా లాగింది. గాలి బుడగలు తట్టి పోగొట్టింది. చెయ్యి వణకలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, పన్నెండు యూనిట్లు, చూడండి" అంది.

చూశాను. గీత దగ్గర పన్నెండే ఉంది. నా తల దాదాపు ఊగింది. అప్పుడు కనబడింది, ట్రేలో పడున్న సిరింజి మూత ఎర్రది.

ఎర్ర మూత సిరింజి 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం. అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లుండే మందుకి గీతలు గీసిన సిరింజి. మన దగ్గర మామూలుగా దొరికే వయల్ అదే. నారింజ మూతది 100 కోసం. పెన్నులో వేసే ఈ 30/70 కార్ట్‌రిడ్జ్ ఎంఎల్‌కి 100. ఎర్ర సిరింజిలో 12 గీత అంటే 0.3 ఎంఎల్. ఆ 0.3 ఎంఎల్‌లో 40 మందుంటే 12 యూనిట్లు, 100 మందుంటే 30 యూనిట్లు. కళ్ళకి కనిపించే నీళ్ళు అవే, గీత అదే. ఆ ముసలావిడ ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర రెట్లు. తిరగేసినా ప్రమాదమే: 40 మందుని నారింజ సిరింజితో 12 దాకా లాగితే వెళ్ళేది 5 యూనిట్ల కంటే తక్కువ, సాయంత్రానికి షుగర్ ఎందుకు దిగలేదో ఎవరికీ అర్థం కాదు.

"ఏమ్మా, ఈ కార్ట్‌రిడ్జ్ మీద ఏం రాసుందో పైకి చదువు" అన్నాను. చదివింది. "100 ఐయూ..." అంటూ ఆగిపోయింది. మళ్ళీ సిరింజి వైపు చూసింది. ముఖం పాలిపోయింది. కొడుకు మాకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, కాబట్టి అక్కడ ఇంకేమీ అనలేదు. "ఒక్క నిమిషం బాబూ, కొత్త మందు తెప్పిస్తాం" అని ఆ అమ్మాయిని నర్సుల స్టేషన్ దగ్గరికి తీసుకొచ్చాను.

అక్కడ రెండో విషయం చెప్పాను. మూత రంగు సరిపోయినా కార్ట్‌రిడ్జ్‌లోంచి సిరింజితో లాగకూడదు. లాగితే లోపలికి గాలి దూరుతుంది, ఆ తర్వాత అదే కార్ట్‌రిడ్జ్‌ని ఎవరైనా పెన్నులో వేస్తే డోసు తప్పుతుంది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాం, ఫార్మసీ నుంచి 40 వయల్ తెప్పించాం. ఎర్ర సిరింజిలో 12 యూనిట్లు మళ్ళీ తనే లాగింది. ఇదంతా అయ్యేసరికి పావుగంట. టిఫిన్ ట్రాలీ కూడా ఆలస్యమే, లిఫ్ట్ దగ్గర ఇరుక్కుందట, కాబట్టి ఈసారి నష్టం లేదు.

ఇంటికొచ్చి అన్నం తిని ఆ ఫారం ముందేసుకున్నాను. పిల్లాడు హోంవర్క్, నేను నా హోంవర్క్. కోపం ఆ అమ్మాయి మీద కాదు. 72 గడుల్లో ఎక్కడా "మూత రంగు" అన్న మాటే లేదు. చదివినప్పుడు పరీక్షలో రాసి ఉంటుంది, 40, 100 అని. పొద్దున ఏడున్నరకి ఎటెండెంట్ పక్కనే నిలబడి ఉండగా గుర్తుకు రావాల్సిన రూపంలో మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

అందుకే ఇన్సులిన్ గడి ఒక్కదాన్నీ కొట్టేసి, దాని స్థానంలో ఒక పేజీ రాశాను. టిక్ తీసేశాను. "ఏ రోజు, ఏ బెడ్, పక్కన ఎవరున్నారు" అని మూడు వరసలు పెట్టాను. మొదటి రెండు రోజులు చూడటమే. మూడు నుంచి అయిదు దాకా తను లాగుతుంది, నేను పక్కన నిలబడతాను. ఆరు, ఏడు రోజుల్లో మందూ సిరింజీ తనే ఎంచుకుని లాగి, ఇచ్చే ముందు నన్ను పిలుస్తుంది. మొదటి వారంలో ఒంటరిగా ఇన్సులిన్ లేదు. ఈ లెక్కన ఇవాళ మూడో రోజు పని రెండో రోజే చేయించాను, తప్పు నాదే, అది కూడా పేపర్ మీద రాశాను.

పేజీ మొదట్లో ఇలా మొదలుపెట్టాను: "సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని యూనిట్లో పైకి చదువు. తర్వాత సిరింజి మూత చూడు. రెండూ ఒకటి కాకపోతే అక్కడే ఆగు, లెక్క వేసి సర్దుకోవాలని చూడకు." ఆ చివరి ముక్క కావాలనే రాశాను. తెలివైన పిల్లలు నారింజది దొరక్కపోతే గీతలు గుణించి లాగుతారు. రాత్రి మూడింటికి ఆ గుణకారం ఎవరికీ సరిగ్గా రాదు.

తర్వాతిది నా గురించే. ఇద్దరు చూడటం అనే పద్ధతి ఉంది మాకు, హై రిస్క్ మందులకి. ఇవాళ ఆ అమ్మాయి "పన్నెండు యూనిట్లు, చూడండి" అంటూ వచ్చింది. ఆ మాట విన్నాక నా కళ్ళు పన్నెండునే వెతికాయి, దొరికింది, తల ఊగబోయింది. రెండో మనిషిని అడిగే తీరు మార్చాలి. సిరింజి, సీసా, ఫైల్ మూడూ పక్కపక్కన పెట్టి నోరు మూసుకోవాలి. రెండో మనిషే ఫైల్ చదివి, సీసా చదివి, "ఇందులో ఇన్ని యూనిట్లున్నాయి" అని తనకు తానుగా చెప్పాలి. ఇద్దరికీ ఒకటే అంకె వస్తేనే ఇవ్వాలి. దీన్ని పేపర్ మీద రాస్తుంటే సిగ్గేసింది, నేను ఇన్నేళ్ళూ తలూపిన సార్లు ఎన్నో.

మూడోది టిఫిన్. ఇది రాయడానికి నా పాత కథ గుర్తు చేసుకోవలసి వచ్చింది. ఏళ్ళ క్రితం, వేరే ఆసుపత్రి, నా మొదటి వారం. పొట్ట స్కానింగ్ కోసం పేషెంటుకి పొద్దున ఏమీ పెట్టొద్దన్నారు. ఆ మాట బెడ్ దగ్గరున్న బోర్డు మీద ఉంది, ఫైల్‌లో పాత ఇన్సులిన్ ఆర్డరు అలాగే ఉంది. నేను ఫైలే చూశాను. పదకొండు గంటలకి ఆయన భార్య "ఈయనకి చెమటలు పడతన్నాయమ్మా" అంది. మే నెల, విశాఖలో ఎవరికి చెమట పట్టదు? ఫ్యాను వేసి వెళ్ళిపోయాను. పదినిమిషాల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చి, "ఏటో తేడాగా మాట్లాడతన్నాడు" అంది. నుదురు పట్టుకుంటే చల్లగా, జిగురుగా ఉంది. షుగర్ చూస్తే 48. వెంటనే సీనియర్ సిస్టర్ పరుగెత్తుకొచ్చి నరంలోకి డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించింది, ఆయన కాసేపట్లో లేచి కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రోజు మధ్యాహ్నం అన్నం దిగలేదు.

కాబట్టి పేజీలో ఇలా రాశాను: "ఇచ్చే ముందు అడుగు, ఈవిడ తింటుందా, ఎప్పుడు తింటుంది? 30/70 అయితే తినడానికి దాదాపు అరగంట ముందు. స్కానింగ్, ఆపరేషన్, వాంతులు ఉంటే ఇవ్వకుండా డాక్టర్‌ని అడుగు. ట్రే వార్డులోకి వచ్చిందో లేదో నీ కళ్ళతో చూడు." ఆ కింద: "ఉక్కపోత చెమట వెచ్చగా ఉంటుంది, షుగర్ పడిపోయిన చెమట చల్లగా ఉంటుంది. అయినా చేతితో నమ్మకు, డౌట్ వస్తే వేలు గుచ్చి చూడు." 70 కంటే తక్కువుండి, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, అది దాదాపు 15 గ్రాములు, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ వేయకూడదు, డాక్టర్‌ని పిలవాలి, డీ25 అనే డెక్స్ట్రోజ్ బాటిల్ ఎక్కడుందో ముందే తెలిసుండాలి. అందులో 100 ఎంఎల్‌కి 25 గ్రాముల డెక్స్ట్రోజ్ ఉంటుంది. రేపు పొద్దున వార్డులోకి వెళ్ళగానే మొదటి పని, ఆ బాటిల్ ఉన్న అర తనతోనే వెతికించడం. నేను చూపించను.

చివర్లో ఒక వాక్యం, అచ్చంగా తను నోటితో అనాల్సింది, రాసిచ్చాను: "అక్కా, నాకు డౌట్ ఉంది, ఇచ్చే ముందు ఒక్కసారి రండి." ఎటెండెంట్ ముందు ఇలా అంటే చేతకానిదాన్ని అనుకుంటారేమోనని ఇవాళ మధ్యాహ్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అనుకోనీ.

ఇంతలో ఆ అమ్మాయి మెసేజ్ వచ్చింది. "అక్కా, ఆ కార్ట్‌రిడ్జ్ వాళ్ళకి తిరిగిచ్చేశామా? నేను ఫ్రిజ్‌లో పెట్టినట్టు గుర్తు."

నాకూ గుర్తు లేదు. వార్డుకి ఫోన్ చేశాను. నైట్ అమ్మాయి ఫ్రిజ్ తెరిచి చూసి, "ఉంది సిస్టర్, పేరు లేదు, ఏం లేదు, వయల్స్ పక్కనే పడుంది" అంది. దాన్ని తీసి, పేరు రాసి, గాలి దూరిందని కాగితం అంటించి విడిగా పెట్టమన్నాను. పొద్దున కొడుక్కి ఇది మళ్ళీ పెన్నులో వేయొద్దని నేనే చెప్పాలి. ఇప్పుడు పేజీ అడుగున ఇంకో లైనుకి చోటు చూస్తున్నాను.