6 ఆంపియర్ల మోటారు, 10 ఆంపియర్ల రిలే: ఈ టాపిక్ నాకు ఎలా అర్థమైందంటే

జేఈ ఎలక్ట్రికల్‌కు ప్రిపేర్ అవుతున్న మిత్రులకు నమస్కారం. నా ప్రిపరేషన్‌లో ఎక్కువ రోజులు తీసుకున్న టాపిక్ పెద్ద చాప్టరేమీ కాదు. స్విచ్‌గేర్ నోట్స్‌లో నాలుగు లైన్లలో ముగిసే యుటిలైజేషన్ క్యాటగిరీలు. ఏసీ-1 అంటే రెసిస్టివ్ లోడ్, ఏసీ-3 అంటే స్క్విరెల్ కేజ్ మోటారు, ఏసీ-4 అంటే ఇంచింగ్, ప్లగ్గింగ్ అని బట్టీ పట్టాను. మెషీన్స్ చాప్టర్‌లో ఇండక్షన్ మోటారు డైరెక్ట్ ఆన్‌లైన్‌లో స్టార్ట్ అయ్యేటప్పుడు ఫుల్ లోడ్ కరెంటుకు ఆరు రెట్ల దాకా తీసుకుంటుందని కూడా చదివాను. ఈ రెండూ ఒకే విషయమని మా ఇంటి బోరు మోటారు ఆగకుండా తిరిగిన రోజు దాకా నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే చెప్పుకోవచ్చని ఓవర్‌హెడ్ ట్యాంకుకు వాటర్ లెవెల్ కంట్రోలర్ చేశాను. ట్యాంకు పైఅంచున ఒక సెన్సర్, కింద చిన్న బోర్డు, దాని మీద నీలం డబ్బా లాంటి రిలే. రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్ట్స్ ఏసీ అని ఉంది. మోటారు 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్. లెక్క వేసి చూశాను. 746 వాట్లు, ఎఫిషియెన్సీ 65 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే:

I = 746 / (230 × 0.65 × 0.85) ≈ 5.9 A

దాదాపు 6 ఆంపియర్లు. రిలే 10కి ఉంది కాబట్టి సరిపోతుందనుకుని బిగించాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒక రోజు ట్యాంకు నిండి నీళ్లు మేడ మెట్ల మీదుగా కారుతున్నాయి. బోర్డు మీద లైటు ఆరిపోయింది, రిలే 'టిక్' మన్న శబ్దం కూడా వినిపించింది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. నాన్న మెయిన్ ఆపేశారు. సప్లై పూర్తిగా తీసి, కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కామన్‌కూ నార్మల్లీ ఓపెన్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే ఓపెన్ చూపించాల్సిన చోట సున్నా ఓమ్స్ చూపించింది. పాయింట్లు అతుక్కుపోయాయి. బ్లేడుతో రిలే మూత విప్పాను. ఒక పాయింటు మీద చిన్న గుంట, ఎదుటి పాయింటు మీద కరిగి గడ్డకట్టిన మెరిసే బుడిపె కనిపించాయి.

మా వీధిలో మోటార్లు బాగుచేసే మేస్త్రీ అది చూసి, "ఆగేటప్పుడు అతుక్కోలేదు బాబూ, స్టార్టింగ్‌లోనే అతుక్కుంది" అన్నారు. ఆ మాట నన్ను ఆపేసింది. కాంటాక్ట్ పాడవడం అంటే ఓపెన్ అయ్యేటప్పుడు వచ్చే ఆర్క్ వల్లే అని నేను అప్పటిదాకా అనుకుంటున్నాను. మీలో కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారని నా అంచనా, ఎందుకంటే సర్క్యూట్ బ్రేకర్ చాప్టర్ మనకు ఆర్క్ ఆర్పడం గురించే నేర్పుతుంది.

అసలు జరిగేది ఇది. మోటారు ఆగి ఉన్నప్పుడు రోటర్ తిరగదు కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు. సప్లై ఇచ్చిన క్షణంలో కరెంటును ఆపేది వైండింగ్ ఇంపీడెన్స్ ఒక్కటే. మన 6 ఆంపియర్ల మోటారు ఆ క్షణంలో 36 ఆంపియర్ల దాకా లాగుతుంది. అది ఆర్‌ఎంఎస్ విలువ, పీక్ 51 ఆంపియర్లు. వోల్టేజ్ వేవ్‌లో ఏ బిందువు దగ్గర పాయింట్లు కలిశాయన్న దాన్ని బట్టి మొదటి అర సైకిల్‌లో అది ఇంకా పెరగొచ్చు కూడా.

సరిగ్గా అదే సమయంలో పాయింట్లు ఒక్కసారిగా గట్టిగా కూర్చోవు. నేల మీద పడ్డ బంతిలా తగిలి, కొద్దిగా లేచి, మళ్లీ తగులుతాయి. దీన్నే కాంటాక్ట్ బౌన్స్ అంటారు. చిన్న రిలేల్లో ఇది కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది. లేచిన ప్రతిసారీ ఆ సన్నటి సందులో చిన్న ఆర్క్ పుట్టి లోహాన్ని కరిగిస్తుంది. మళ్లీ తగిలినప్పుడు కరిగిన లోహం మీదే పాయింటు కూర్చుంటుంది. అది చల్లారితే వెల్డ్ అయినట్టే. రిలేలో స్ప్రింగ్ బలం తక్కువ కాబట్టి గట్టిగా పడిన వెల్డ్‌ను అది ఊడదీయలేదు.

దీన్ని అంకెల్లో చూసుకుంటే నాకు బాగా పట్టుబడింది. కాంటాక్ట్ సిద్ధాంతంలో ఒక అందమైన విషయం ఉంది: పాయింట్లు తాకే చోట ఎంత వేడి పుడుతుందో అక్కడ పడే వోల్టేజ్‌ను బట్టి చెప్పొచ్చు. వెండికి ఆ వోల్టేజ్ 0.09 వోల్ట్స్ చేరితే లోహం మెత్తబడుతుంది, 0.37 వోల్ట్స్ చేరితే కరుగుతుంది. మెల్లగా తాకుతున్న పాయింట్ల మధ్య 10 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 6 ఆంపియర్లు వెళ్తే పడేది 0.06 వోల్ట్స్, ఏమీ కాదు. 36 ఆంపియర్లకు 0.36 వోల్ట్స్, అంటే కరిగే అంచు. 51 ఆంపియర్ల పీక్ దగ్గర 0.51 వోల్ట్స్, అంచు దాటేశాం. నిజానికి లోహం మెత్తబడితే తాకే వైశాల్యం పెరిగి రెసిస్టెన్స్ కొంత తగ్గుతుంది, కాబట్టి ఈ లెక్క ఉన్నదున్నట్టు జరగదు. అయినా రన్నింగ్ కరెంటుకూ స్టార్టింగ్ కరెంటుకూ మధ్య పాయింటుకు ఎంత తేడా ఉందో ఇది చూపిస్తుంది.

ఇప్పుడు ఆ నాలుగు లైన్ల నోట్స్‌కు తిరిగి వెళ్దాం. ఒకే కాంటాక్టర్ మీద ఏసీ-1కు 25 ఆంపియర్లు, ఏసీ-3కి 9 ఆంపియర్లు అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. మోటారు లోడ్‌కు కాంటాక్టర్ బలహీనపడుతుంది కాబట్టి రేటింగ్ తగ్గించారని నేను చదువుకున్నాను. అది తప్పు కాదు కానీ అసలు కారణాన్ని దాచేస్తుంది. ఐఈసీ 60947-4-1 ప్రకారం ఏసీ-3 జీవితకాల పరీక్షలో కాంటాక్టర్ క్లోజ్ అయ్యేటప్పుడు రేటెడ్ కరెంటుకు 6 రెట్లు మోయాలి. అంటే 9 అని రాసిన చోట పాయింట్లు ప్రతిసారీ 54 ఆంపియర్ల మీద కలుస్తున్నాయి. ఏసీ-1లో 25 అంటే కలిసేదీ విడిపోయేదీ ఆ 25 మీదే. ఏసీ-3 అంకె చిన్నగా కనిపించడానికి కారణం, ఇన్‌రష్ దాని వెనక ముందే లెక్కలోకి వచ్చేసి ఉండటం. అందుకే ఏసీ-3 రేటింగ్‌ను మోటారు ఫుల్ లోడ్ కరెంటుతో నేరుగా పోల్చాలి, మళ్లీ ఆరుతో గుణించకూడదు. మాక్ టెస్టులో నేను సరిగ్గా అక్కడే మార్కు పోగొట్టుకున్నాను.

ఓపెన్ అయ్యేటప్పుడు ఏసీ-3 పరీక్ష చాలా తేలిక. విడదీసేది 1 రెట్టు కరెంటునే, అదీ సప్లై వోల్టేజ్‌లో 0.17 వంతు మీద. ఇంత తక్కువ ఎందుకో మెషీన్స్ చదివిన మనకు వెంటనే తట్టాలి: తిరుగుతున్న మోటారులో బ్యాక్ ఈఎంఎఫ్ ఇంకా ఉంటుంది, కాబట్టి విడిపోతున్న పాయింట్ల మీద పడేది రెండింటి తేడా మాత్రమే. పంపు ఇంపెల్లర్‌లో ఇసుక పట్టేసి రోటర్ కదలకపోతే ఈ సౌకర్యం పోతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ ట్రిప్ అయితే పాయింట్లు 36 ఆంపియర్లను పూర్తి 230 వోల్ట్స్ మీద తెంచాలి. ఇది ఏసీ-4 పరిస్థితి. ఏసీ-3, ఏసీ-4 తేడా అడిగినప్పుడల్లా నేను జామ్ అయిన పంపును గుర్తు తెచ్చుకుంటాను.

కాంటాక్టర్‌కు రేటింగ్ విడివిడిగా రాస్తారు కానీ, నేను వాడిన లాంటి చిన్న రిలే మీద రెసిస్టివ్ అంకె ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. మోటారు రేటింగ్ కావాలంటే డేటాషీట్ తెరవాలి. 16 ఆంపియర్ల రిలేకు 230 వోల్ట్స్ సింగిల్ ఫేజ్ మోటారు రేటింగ్ 0.55 కిలోవాట్ అని ఇచ్చిన డేటాషీట్ చూశాను. పై ఫార్ములాలోనే వేస్తే అది 4.3 ఆంపియర్లు, అంటే 16లో దాదాపు పావు వంతు. నా 1 హెచ్‌పీ మోటారుకు 10 ఆంపియర్ల రిలే సంగతి అటుంచితే, ఆ 16 ఆంపియర్లది కూడా చాలదు.

నా కేసులో ఇంకో తప్పు కూడా ఉంది, దాన్ని తర్వాత కనిపెట్టాను. ట్యాంకు నిండే సమయంలో నీళ్లు పైపు నుంచి పడుతూ అలలు లేపుతాయి. ఒకే సెన్సర్ కాబట్టి అల తగిలితే ఆఫ్, దిగితే ఆన్. ఒక్కసారి నిండేలోపు మోటారు ఎన్నోసార్లు ఆగి మొదలయ్యేది, ప్రతి మొదలూ మళ్లీ ఆ 36 ఆంపియర్లే. అందుకే ఇప్పుడు కింద ఒకటి, పైన ఒకటి రెండు సెన్సర్లు పెట్టాను. పైది తాకితే ఆగుతుంది, నీళ్లు కిందిది దాటి దిగితే తప్ప మళ్లీ మొదలవదు. ఆపైన మూడు నిమిషాల డిలే.

మోటారును రిలేతో నేరుగా నడపడం కూడా మానేశాను. రిలే ఇప్పుడు ఏసీ-3లో 9 ఆంపియర్ల కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది. కాయిల్‌కూ సొంత ఇన్‌రష్ ఉంటుంది: లాగేటప్పుడు 70 వీఏ, పట్టి ఉంచేటప్పుడు 7 వీఏ దరిదాపుల్లో. 70ని 230తో భాగిస్తే 0.3 ఆంపియర్లు, ఆ రిలేకు అది భారమే కాదు. ఇలాంటి కాయిల్ లోడ్‌లకే ఏసీ-14, ఏసీ-15 అని వేరే క్యాటగిరీలు ఉన్నాయి. కాయిల్‌కు అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ పెట్టాను, ఎందుకంటే కాయిల్‌ను తెంచినప్పుడు స్పైక్ వస్తుంది. స్నబ్బర్ ఓపెనింగ్‌కు పనికొస్తుంది, మోటారు ఇన్‌రష్ వల్ల పడే వెల్డ్‌ను మాత్రం ఆపలేదు. ఈ రెంటినీ కలిపేసే ఆప్షన్ ఎంసీక్యూలో ఇస్తే జాగ్రత్త.

కాంటాక్టర్ పెట్టాక ఒక కొత్త సమస్య ఎదురైంది. సాయంత్రాలు మా ఊళ్లో వోల్టేజ్ పడిపోతుంది. కాంటాక్టర్ కాయిల్ రేటెడ్ వోల్టేజ్‌లో 85 శాతం నుంచి పనిచేస్తే చాలు, 230కి అది 195 వోల్ట్స్. సప్లై 200 దగ్గర ఉన్నప్పుడు కాంటాక్టర్ పట్టుకుంటుంది, మోటారు 36 ఆంపియర్లు లాగగానే వైరులో డ్రాప్ వల్ల వోల్టేజ్ ఇంకా పడుతుంది, కాంటాక్టర్ వదిలేస్తుంది, లోడ్ పోగానే వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. టకటకమనే ఆ శబ్దం విన్న వెంటనే ఆపేశాను. అందులో ప్రతి 'టక్' ఇన్‌రష్ మీద పాయింట్లు కలిసే ఒక సారి, పైగా విడిపోయేది కూడా స్టార్టింగ్ కరెంటు మీదే. ఇప్పుడు 200 వోల్ట్స్ కంటే తగ్గితే కంట్రోల్ సప్లైని కట్ చేసే అండర్ వోల్టేజ్ రిలే పెట్టాను. అది వోల్టేజ్ 210 దాటి కాసేపు నిలకడగా ఉన్నాకే మళ్లీ కాంటాక్టర్‌ను పట్టుకోనిస్తుంది. విప్పి చూసిన పాత రిలేను నా స్విచ్‌గేర్ నోట్స్‌లో ఏసీ-3 రాసుకున్న పేజీకి టేపుతో అంటించి పెట్టుకున్నాను.