వంటల ఛానల్‌కి ఇంట్రో లైను, డిస్క్రిప్షను – నా అనుభవం

ఛానల్ తెరవడం, హ్యాండిల్ పెట్టుకోవడం, బ్యానర్ ఎక్కించడం ఇవన్నీ చకచకా అయిపోయాయి, వాటి గురించి చెప్పేదేం లేదు. నన్ను ఏడిపించినవి రెండే, వీడియో మొదట్లో నోటితో చెప్పే ఆ ఒక్క లైను, ఛానల్ పేజీలో రాసే డిస్క్రిప్షను. వంట చేయడం చిన్నప్పట్నుంచీ వచ్చు, కానీ "నేను ఫలానా" అని చెప్పుకోవడం ఇంత కష్టమని తెలీదు.

కొత్త ఛానళ్ళకి స్క్రిప్ట్ రాసిస్తాం, గ్రోత్ నేర్పిస్తాం అనే ఒకాయన దగ్గర డబ్బు కట్టి చేరాను. పేరు చెప్పను, వద్దు. ఆయన రాసిచ్చిన ఇంట్రో ఇది: "ప్రియమైన వీక్షకులందరికీ నమస్కారం, రుచికరమైన, ఆరోగ్యకరమైన వంటకాలకు వేదికైన మన ఛానల్‌కు హృదయపూర్వక స్వాగతం, ఈనాటి మన వంటకం ఏమిటో తెలుసుకునే ముందు ఇంకా సబ్‌స్క్రైబ్ చేసుకోనివారు వెంటనే చేసుకుని పక్కనున్న గంట నొక్కండి." దీని ముందు తిరిగే లోగో ఒకటి, దానికో మ్యూజిక్. మొత్తం కలిపితే అసలు వంట మాట మొదలయ్యేసరికి అర నిమిషం దగ్గర పడుతోంది. నాకు అప్పుడే నోరు తిరగలేదు, అయినా డబ్బు కట్టాం కదా అని అలాగే చదివాను.

తర్వాత గ్రూప్ కాల్‌లో అందరి ముందూ నా వీడియో ప్లే చేసి "మేడమ్, మీ వాయిస్‌లో ఎనర్జీ లేదు, ఎవరో బలవంతంగా చదివించినట్టుంది" అన్నాడు. పక్కనెవరో నవ్వారు కూడా. చదివించింది నువ్వే కదయ్యా! ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఇప్పటికీ కడుపు మండుతుంది. "మీరు ఇంకా నవ్వుతూ చెప్పాలి" అన్నాడు గానీ ఆ వాక్యంలో తప్పుందని మాత్రం ఒప్పుకోలేదు.

ఆ రాత్రి యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి రిటెన్షన్ గ్రాఫ్ చూశాను. అందులో ముప్పయ్యో సెకను దగ్గర ఇంకా ఎంతమంది చూస్తున్నారో శాతంలో చూపిస్తుంది, ఇంట్రో ఎలా ఉందో తెలుసుకోడానికి దాన్ని మించిన గురువు లేడు. నా గీత మొదట్లోనే బావిలో బకెట్ జారినట్టు దిగిపోయి, వంట మొదలయ్యాక మళ్ళీ నిలకడగా పోతోంది. అంటే వంట నచ్చకపోవడం కాదు, వంట దాకా ఎవరూ ఉండట్లేదు. ఎనర్జీ గినర్జీ ఏం లేదు, ముందున్న మాటలే అడ్డం. ఒక్క మాట, వీడియోకి చూసినవాళ్ళు మరీ తక్కువుంటే ఆ గ్రాఫ్‌ని నమ్మొద్దు, నలుగురైదుగురు వెళ్ళిపోయినా గీత పడిపోతుంది, రెండు మూడు వీడియోలవి పక్కపక్కన పెట్టి చూడాలి.

అప్పుడు నాకు అర్థమైందేంటంటే, చూసేవాళ్ళు టైటిల్, తంబ్‌నెయిల్ చూసి నొక్కి వస్తారు, కాబట్టి మొదటి మాట వాళ్ళు నొక్కినదాన్నే ఖాయం చెయ్యాలి. స్వాగతాలు ఎవరికీ అక్కర్లేదు. సబ్‌స్క్రైబ్ మాటని వంట అయిపోయాక గిన్నెలో పెట్టేచోటికి మార్చాను, అప్పుడు అడిగితే కనీసం అడగడానికో కారణం ఉంటుంది.

లైను ఎలా దొరికిందంటే, మా అక్కకి ఫోన్ చేసి "కొత్తగా ఛానల్ పెట్టానే" అన్నాను, "అందులో ఏం చేస్తావే?" అంది. "ఏముందే, ఇద్దరికి సరిపడా, ఒక్క పొయ్యి మీద అయిపోయేవి, అరగంటలో" అన్నాను. ఫోన్ పెట్టేసి ఆ మాటే కాగితం మీద రాసుకున్నా. ఎవరైనా సరే ముందు పెన్ను పట్టుకోకండి, మీవాళ్ళకి నోటితో చెప్పి చూడండి, పుస్తకం భాష దానంతటదే పోతుంది.

కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ "అరగంట" అన్ని వంటలకీ నిలబడదు. నానబెట్టేవి, నెమ్మదిగా ఉడికేవి ఉంటాయి, వాటికీ అదే లైను చెబితే కింద ఎవరో ఒకరు గడియారం పెట్టుకుని మరీ పట్టుకుంటారు. అందుకని ప్రతి వీడియోలోనూ నిజమయ్యే మాటలే మారని భాగంలో ఉంచాను, టైము, వంట పేరు మారే భాగంలోకి వెళ్ళాయి. ఇప్పుడు చెప్పేది ఇలా ఉంటుంది: "ఈ రోజు వంకాయ కూర, ఇరవై నిమిషాలు. ఇద్దరికి సరిపడా, ఒక్క పొయ్యి మీదే." ఆ వెంటనే ఛానల్ పేరు, వెంటనే కత్తి చేతిలోకి. నిదానంగా చెప్పినా ఏడెనిమిది సెకన్లు దాటదు. వంట పేరు ముందుండటం ముఖ్యం, రోజూ చూసేవాళ్ళు మారని లైను రాగానే ముందుకి జరిపేస్తారు, కొత్తది ముందే వినబడితే ఆ వేలు ఆగుతుంది.

రికార్డింగ్‌లో ఇంకో తలనొప్పి. ఇంట్రో ఒక్కటే బెడ్‌రూమ్‌లో ప్రశాంతంగా చెప్పి, వంట వీడియోకి ముందు అతికించాను, వింటే ఇద్దరు వేరే వేరే మనుషులు మాట్లాడినట్టుంది. బెడ్‌రూమ్‌లో పరుపు, కర్టెన్లు శబ్దాన్ని మింగేస్తాయి, వంటింట్లో టైల్స్ తిరిగి కొడతాయి. ఇప్పుడు వంటింట్లోనే, పొయ్యి వెలిగించకముందు, చిమ్నీ ఆపేసి చెబుతున్నా. మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెడితే "ప", "భ" దగ్గర టప్ మని కొట్టడం కూడా తగ్గింది.

డిస్క్రిప్షన్‌కి ఆయనిచ్చింది ఇంకా ఘోరం, ఈజీ వంటలు, క్విక్ వంటలు, బెస్ట్ వంటలు అంటూ కామాలతో ఒక గోడ. ఇలాంటి ట్యాగుల కుప్పని వీడియో డిస్క్రిప్షన్‌లో పోస్తే యూట్యూబ్ పాలసీకే విరుద్ధం, ఛానల్ పేజీలో పెడితే చదివేవాడు పారిపోతాడు. ఛానల్ డిస్క్రిప్షన్‌కి వెయ్యి క్యారెక్టర్ల హద్దు ఉంది, తెలుగులో అది అనుకున్నదానికంటే తొందరగా అయిపోతుంది, ఎందుకంటే గుణింతం గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "ఉప్పు" కంటికి రెండక్షరాలే, కౌంటర్‌లో అయిదు. అందుకే మనం గీసి గీసి రాయాలి. పైగా ఛానల్ పేజీలో మొదటి ముక్కే కనబడుతుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది, కాబట్టి అసలు సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి.

నేను చివరికి పెట్టింది ఇది:

"ఇద్దరికి సరిపడా, ఒక్క పొయ్యి మీద అయ్యే ఇంటి వంటలు. చిన్న వంటిల్లు, తక్కువ గిన్నెలు ఉన్నవాళ్ళ కోసం. ప్రతి వీడియోలో కొలతలు చెబుతాను, ఇక్కడ గ్లాసు అంటే 200 మి.లీ. పూర్తి కొలతలు వీడియో కింద రాసి ఉంటాయి. నలుగురికి వండాలంటే ఉప్పు, కారం ఒకేసారి రెట్టింపు చేయకండి, రుచి చూసి పెంచుకోండి."

ఆ గ్లాసు లెక్క పెట్టాక "మీ గ్లాసు ఎంత?" అనే కామెంట్లు బాగా తగ్గాయి, ఇది నా సొంత ఐడియా అని గర్వంగా చెబుతున్నా. ఈమెయిల్ మాత్రం ఇందులో ఇరికించొద్దు, స్టూడియోలో దానికి వేరే గడి ఉంది, అక్కడ పెట్టండి. ఇన్‌స్టా లింకూ అంతే, లింకుల చోట పెడితే పేజీలో విడిగా కనబడుతుంది.

గ్రోత్ సార్ మొన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు, అడ్వాన్స్‌డ్ బ్యాచ్ మొదలవుతోందట. చూసి వదిలేశాను.