సిమ్మర్ అంటే మరగడం కాదు

నిన్న శ్రీకాకుళంలోని ఒక హోటల్ వంటగదిలో, ఫ్రాన్సు నుంచి వచ్చిన షెఫ్ మాటలను మన వంటవాళ్లకు తెలుగులో చెప్పాను. వంటకం చేప ముళ్ల సారుతో చేసే సూపు.

క్యారెట్‌ను ‘బ్రూనోయిజ్’గా కోయాలన్నారు, అంటే 3 మిల్లీమీటర్ల ఘనాలు. ‘సన్నగా తరగండి’ అంటే పొడవాటి చీలికలు వస్తాయి. అందుకే ‘పెసరగింజంత ముక్కలు’ అన్నాను. వాళ్లు ముందు అగ్గిపుల్లల్లా కోసి, వాటిని అడ్డంగా తరిగారు. ఎంత ముచ్చటగా వచ్చాయో!

తప్పు సెగ దగ్గర చేశాను. ‘సిమ్మర్’ అన్న మాటను ‘మరగనివ్వండి’ అని చెప్పాను. పెద్ద వంటాయన మంట పెంచారు. గలగలా మరిగేసరికి కొవ్వు నీళ్లలో కలిసిపోయి సారు తెల్లగా మసకబారింది. అంతా పారబోయాల్సి వచ్చింది. ఆయన శ్రమ నా మాట వల్ల వృథా అయిందని ఇప్పటికీ బాధగా ఉంది.

రెండోసారి, “బాబాయ్, అంచున ఒకటో రెండో బుడగలు లేస్తే చాలు, సన్న సెగ మీదే 20 నిమిషాలు ఉంచండి” అన్నాను.

“మరి 20 నిమిషాలు ఎప్పటినుంచి లెక్క బాబూ, పొయ్యి మీద పెట్టినప్పటినుంచా?” అని అడిగారు.

అది నాకు తట్టనే లేదు. షెఫ్‌ను అడిగితే, మొదటి బుడగ లేచినప్పటినుంచి అన్నారు. ఈసారి సారు గిన్నె అడుగు కనిపించేంత తేటగా దిగింది.