మాయ సంచి చేయించిన పాఠం: నా అనుభవం

మూడో తరగతికి జ్ఞానేంద్రియాల పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని వల్లె వేయించే బదులు, కంటికి పని లేకుండా చేస్తే మిగిలినవి ఏం చెబుతాయో పిల్లలనే రాయమందామనుకున్నాను. పాత ప్యాంటు కాళ్లను మోకాలి దగ్గర కత్తిరించి, ఒక కొసను కుట్టేసి, రెండో కొసకు ఎలాస్టిక్ వేస్తే ఆరు సంచులు తయారయ్యాయి. గుడ్డ మందంగా ఉండడం ముఖ్యం. పలచని గుడ్డయితే పిల్లలు దాన్ని కిటికీ వైపు ఎత్తి లోపలి ఆకారం చూసేస్తారు.

మొదటి రోజు పాఠం చెడిపోయింది. బంతి, తాళంచెవి, సుద్దముక్క వంటివి వేసి, పత్రంలో "సంచిలో ఏముంది?" అని ఒక్కటే గడి గీశాను. చెయ్యి పెట్టీ పెట్టగానే ఒకడు "తాళంచెవి!" అని అరిచాడు, పక్క జట్లన్నీ అదే రాసుకున్నాయి. తరగతిలోని 24 మందీ సరైన జవాబే రాశారు గానీ, అది తాళంచెవి అని వేలికి ఎలా తెలిసిందో ఒక్క పత్రంలోనూ లేదు. పేరు అడిగితే పేరే రాస్తారు. తప్పు పిల్లలది కాదు, నా పత్రానిది.

మరునాటికి పత్రాన్ని మార్చాను. "చేతికి ఎలా ఉంది", "ఊపితే ఏం వినబడింది", "వాసన ఎలా ఉంది" అనే మూడు గడులు ముందు ఉంచి, "నా ఊహ" అన్న గడిని కాగితం వెనక్కి మడిచాను. మూడూ నింపాకే మడత విప్పాలి, పేరు పైకి అనకూడదు. వస్తువులు కూడా చెయ్యి తగలగానే పేరు తట్టనివి ఎంచాను: ఎండు కుంకుడుకాయలు, కొబ్బరి పీచు, వెల్లుల్లి, గులకరాయి, స్టీలు చెంచా, చెక్క గరిటె. వాసనకు కర్పూరం బాగుంటుందని ఒకరు సూచించారు కానీ, అది పటికబెల్లంలా కనబడుతుంది, మింగితే పిల్లలకు ప్రమాదం కూడా, కనుక వేయలేదు. వెల్లుల్లి సంచిని మాత్రం వేరుగా ఉంచవలసి వచ్చింది. ఆ ఘాటు పక్క సంచుల గుడ్డకు పట్టి, గులకరాయికి "వెల్లుల్లి వాసన" అని రాసినవారు ఇద్దరున్నారు.

తొలి గడిలో అందరూ "గట్టిగా", "మెత్తగా" అనే రెండు మాటలతోనే సరిపెట్టారు. గరుకు, నునుపు, జిగట, ముడతలు అన్న మాటలు బల్ల మీది రెండు మూడు వేరే వస్తువులను తాకించి చెప్పాక రాత మారింది. ఒక పాప కుంకుడుకాయ గురించి "ముడతలున్నాయి, కొంచెం జిగటగా ఉంది, ఊపితే లోపల గింజ కదులుతోంది" అని రాసి, ఊహలో కరక్కాయ అని పెట్టింది. ఊహ తప్పినా, ముందు రాసినదంతా నిజమే కాబట్టి ఆ పత్రానికే ఎక్కువ మార్కులు వేశాను. పక్కవాడు "కుంకుడుకాయ" అని సరిగా ఊహించాడు గానీ మూడు గడులూ ఖాళీగా వదిలేశాడు, తనకు తక్కువ మార్కులు ఎందుకని చాలాసేపు వాదించాడు.

నన్ను ఆగి ఆలోచింపజేసినది చెంచా. ఒకే జట్టులో మొదటి పిల్ల "చల్లగా ఉంది" అని, నాలుగో పిల్లవాడు "చల్లగా లేదు" అని రాశారు. ఎవరో ఒకరు పొరబడ్డారనే అనుకున్నాను. చెంచాను పది నిమిషాలు బల్ల మీద వదిలేసి ఆ నాలుగో పిల్లవాడికే ముందుగా ఇస్తే, "ఇప్పుడు చల్లగా ఉంది" అన్నాడు. ముగ్గురి చేతుల్లో నలిగి ఆ పలచని స్టీలు వెచ్చబడిందన్నమాట. అంతకు ముందు చెక్క గరిటె చల్లగా ఉందని ఎవరూ రాయలేదు, రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నా సరే. స్టీలు చేతిలోని వేడిని త్వరగా లాగుతుంది, చెక్క నెమ్మదిగా లాగుతుంది. చర్మానికి తెలిసేది వస్తువు ఎంత వేడిగా ఉందన్నది మాత్రమే కాదు, చేతి నుంచి వేడి ఎంత వేగంగా పోతోందన్నది కూడా. ఇది జనవరి ఉదయం కాబట్టి తెలిసింది. ఒంటిపూట బడుల రోజుల్లో, గది వేడి చేతి వేడికి దగ్గరపడ్డాక, ఈ తేడా దాదాపు కనబడదు.

రుచిని సంచిలో కలపలేదు. అందరి చేతులూ తాకిన వస్తువును నోట పెట్టించడం కుదరదు. పత్రంలో దానికి గడి పెట్టకుండా, ఉప్పు, చక్కెర, నిమ్మరసం వేరే రోజు వేరువేరు చెంచాలతో ఇచ్చాను.

ఆ తరవాత పత్రంలో "నా వంతు ఎన్నోది" అని ఒక చిన్న గడి చేర్చాను. వచ్చే జనవరిలో చెంచా సంచిని నలుగురికీ కాక, జట్టుకు ఇద్దరికే ఇవ్వాలనుకుంటున్నాను.