జ్ఞానదంతం సర్జరీ తర్వాత ఆఫీసుకిచ్చే డాక్టర్ లెటర్: ఏం రాస్తే పని జరుగుతుంది

నా కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం ముందున్న పన్ను మీదికి వాలి, సగం ఎముకలోనే ఇరుక్కుపోయింది. పైనున్న చిగురు వాచడం, మందులకు తగ్గడం, మళ్లీ వాచడం. పై, కింది దవడలు ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే చూసిన డెంటల్ సర్జన్, ఇది పట్టుకారుతో పీకితే వచ్చే పన్ను కాదనీ, చిగురు కోసి తీయాలనీ చెప్పారు. హైదరాబాద్‌లో కస్టమర్ కేర్ ఉద్యోగం నాది. హెడ్‌సెట్ పెట్టుకుని షిఫ్టంతా మాట్లాడుతూనే ఉండాలి. అందుకని సర్జరీ ఎంతసేపు పడుతుందన్న దానికన్నా, ఆఫీసుకు ఇచ్చే లెటర్లో ఏం రాస్తారన్న దాని మీదే ముందు మాట్లాడుకున్నాం. ఇలాంటి సర్జరీకి సిద్ధమవుతున్నవాళ్లకు పనికొస్తుందని ఆ వివరాలు రాస్తున్నాను.

"పన్ను తీయించుకున్నారు, విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాసి ఉంటే మేనేజర్‌కు గుర్తొచ్చేది మామూలు పన్ను పీకించుకోవడం. పొద్దున పీకించుకుని మధ్యాహ్నం డ్యూటీకి వచ్చినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇరుక్కున్న జ్ఞానదంతం సంగతి వేరు. ఆ వైపు దవడ, పెదవి, నాలుక మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు. చిగురు కోసి పక్కకు తప్పించి, పన్ను చుట్టూ ఉన్న ఎముకను సెలైన్ పోస్తూ డ్రిల్‌తో తొలుస్తారు. పన్నును అక్కడే ముక్కలు చేసి ఒక్కో ముక్కా బయటికి తీసి, కుట్లు వేస్తారు. తర్వాత వచ్చే వాపుకు, నోరు బిగుసుకుపోవడానికి కారణం ఈ కోత, ఎముక మీద జరిగిన ఈ పని. అందుకే లెటర్లో "శస్త్రచికిత్స ద్వారా తొలగించడం" అన్న మాట తప్పకుండా ఉండాలి. అది లేకపోతే, నాలుగు రోజుల విశ్రాంతి ఎందుకని హెచ్ఆర్ అడిగితే జవాబు దొరకదు.

ఎన్ని రోజులు రాయాలన్నది ఊరికే అనుకుని వేసే లెక్క కాదు. సర్జరీ రోజు కన్నా ఆ తర్వాతి రోజులే కష్టం. మొదటి రోజు మత్తు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. గాజుగుడ్డను అరగంట నుంచి గంటదాకా గట్టిగా కరిచి పట్టుకోవాలి. ఉమ్మకూడదు, స్ట్రా పెట్టి పీల్చకూడదు. అలా చేస్తే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిరావచ్చు. ఐసు గుడ్డలో చుట్టి బుగ్గ మీద ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీసేస్తూ ఉండాలి. ఇంత చేసినా వాపు రెండు మూడు రోజులదాకా పెరుగుతూనే పోతుంది. అప్పటికి నోరు కూడా బిగుసుకుంటుంది. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటుంది. గురువారం సర్జరీ అయితే, శనివారానికి నాకు ఒక వేలు, కష్టపడితే ఒకటిన్నర. దీన్ని బట్టి ఒక్కరోజు సెలవు ఎందుకు చాలదో తెలుస్తుంది. గురువారం సర్జరీ అయి శుక్రవారం ఆఫీసుకు వెళితే, వాపు, బిగుతు ముదిరే సమయానికి సీట్లో కూర్చుని ఉంటాం.

ఇక్కడే ఉద్యోగం సంగతి డాక్టర్‌కు చెప్పాల్సి వస్తుంది. కంప్యూటర్ ముందు మౌనంగా పనిచేసేవాళ్లు నోరు సగమే తెరుచుకున్నా పని చేసుకోగలరు. రోజంతా మాట్లాడే కస్టమర్ కేర్ వాళ్లు, టీచర్లు అలా చేయలేరు. బరువులెత్తే పనైతే సమస్య నోటితో కాదు, రక్తంతో. ఎత్తేటప్పుడు రక్తపోటు పెరిగి, మానీమానని చోట మళ్లీ రక్తం కారొచ్చు. డ్రైవర్లు, మెషీన్ మీద పనిచేసేవాళ్ల విషయంలో మందులు చూడాలి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్‌లతో మామూలుగా ఇబ్బంది ఉండదు గానీ, నొప్పి ఎక్కువని ట్రమడాల్ కలిసిన మాత్ర ఇస్తే మగతగా ఉంటుంది, తల తిరుగుతుంది. ఒకే సర్జరీ అయినా వీళ్లందరికీ ఒకే లెటర్ సరిపోదు. "మీరేం పని చేస్తారు?" అని డాక్టర్ అడగకపోతే మనమే చెప్పాలి.

నా లెటర్ సారాంశం ఇలా ఉంది. అసలుది ఇంగ్లిష్‌లోనే ఇచ్చారు. పైన క్లినిక్ పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఉన్న లెటర్‌హెడ్.

"తేదీ: 12 జూన్ 2025, గురువారం.

సంబంధిత అధికారికి,

పైన పేరు, ఉద్యోగి సంఖ్య ఉన్న వ్యక్తికి ఈ రోజు నా దగ్గర, లోకల్ అనస్థీషియా కింద, పన్నును శస్త్రచికిత్స ద్వారా తొలగించడం జరిగింది. దీని తర్వాత వాపు, నొప్పి, నోరు తెరవడంలో ఇబ్బంది సహజం. అందువల్ల 12 జూన్ నుంచి 15 జూన్ వరకు, రెండు తేదీలూ కలుపుకుని, వీరికి విశ్రాంతి అవసరం.

ఇబ్బందులేవీ తలెత్తకపోతే 16 జూన్, సోమవారం నుంచి విధుల్లో చేరవచ్చు. అయితే 16 నుంచి 19 వరకు ఎక్కువసేపు ఆపకుండా మాట్లాడే పని ఇవ్వకుండా ఉండటం మంచిది. 19వ తేదీ ఉదయం కుట్లు తీయడానికి క్లినిక్‌కు రావలసి ఉంటుంది.

ఈ లేఖ రోగి కోరిక మీద, వారి సమ్మతితో ఇవ్వబడింది."

కింద సంతకం, డిగ్రీ, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది "రెండు తేదీలూ కలుపుకుని" అన్న మాట. "నాలుగు రోజులు విశ్రాంతి" అని రాస్తే ఆ నాలుగు ఎప్పుడు మొదలైనట్టు? సర్జరీ రోజు లెక్కలోకి వస్తుందా? శని, ఆదివారాలు కలిపా, విడిగానా? తేదీలు ఉంటే ఈ ప్రశ్నలు రావు. విశ్రాంతి క్యాలెండర్ రోజుల్లో లెక్క, సెలవు కోత పనిదినాల్లో లెక్క. మాకు శని, ఆదివారాలు వీక్లీ ఆఫ్ కాబట్టి నాలుగు రోజుల విశ్రాంతికి పోయింది గురు, శుక్రవారాల సిక్ లీవ్ రెండే. మధ్యలో పడిన వారాంతాన్ని కూడా సెలవుగా లెక్కకట్టే కంపెనీలు ఉన్నాయి, ఆ నియమం ముందే చూసుకోవాలి.

మాట్లాడే పని తగ్గించమన్న వాక్యం కూడా అంతే ముఖ్యం. అది లేకుంటే మేనేజర్ ముందు రెండే దారులు: పూర్తి సెలవు లేదా పూర్తి డ్యూటీ. అది ఉంటే చాట్, ఈమెయిల్ పని మీదికి మార్చడానికి వాళ్ల చేతిలో కాగితం ఆధారం ఉంటుంది. డాక్టర్ రాసింది ఆజ్ఞ కాదు, సలహా. కంపెనీ కుదరదంటే మిగిలేది సెలవే. అయినా రాతలో ఉన్న సలహాను అడ్డంగా తోసేసే మేనేజర్లు తక్కువ.

లెటర్లో లేనివి కూడా చూడండి. ఎన్నో నంబర్ పన్ను, ఏ మందులు, షుగర్ ఉందా, ఎక్స్‌రేలో ఏం కనిపించింది, ఇవేవీ లేవు. యజమానికి కావాల్సింది ఎప్పటిదాకా రాలేరు, వచ్చాక ఏం చేయలేరు అన్నదే. ఎక్స్‌రే కాపీ జతచేయమని అడిగితే, అవసరమైతే లెటర్ నిజమో కాదో క్లినిక్‌కు ఫోన్ చేసి తెలుసుకోమని చెప్పొచ్చు. అలా ఫోన్ వచ్చినప్పుడు లెటర్ తాము ఇచ్చిందేనని క్లినిక్ చెప్పాలి తప్ప, మన అనుమతి లేకుండా జబ్బు వివరాలు చెప్పకూడదు.

"ఇబ్బందులేవీ తలెత్తకపోతే" అన్న మాట ఉత్త లాంఛనం అనుకున్నవాళ్లకు నా ఆదివారం సాయంత్రం జవాబు. శనివారం రాత్రికి నొప్పి కాస్త తగ్గింది. ఆదివారం సాయంత్రానికి మళ్లీ మొదలై చెవిలోకి, కణతలోకి పాకింది. మాత్ర వేసుకుంటే గంటకు మించి ఆగలేదు. నోట్లో చెడు వాసన. జ్వరం లేదు, చీము లేదు. ఇది డ్రై సాకెట్. గుంటలో గడ్డకట్టి ఉండాల్సిన రక్తం ఊడిపోయి లోపలి ఎముక బయటపడటం. గుర్తుపట్టడానికి నొప్పి నడకే ఆధారం. మామూలుగా మానే గాయం మూడో రోజు దాటాక రోజురోజుకూ తేలికపడుతుంది. తగ్గిన నొప్పి మూడు నుంచి ఐదు రోజుల మధ్య తిరిగి పెరిగితే అనుమానించాలి. దానికి బదులు జ్వరం వచ్చినా, వాపు నాలుగో రోజు తర్వాత కూడా పెరుగుతున్నా అది ఇన్ఫెక్షన్ కావచ్చు. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సోమవారం పొద్దున డాక్టర్ గుంటను సెలైన్‌తో కడిగి, లవంగనూనెలో ఉండే యూజెనాల్ కలిసిన మందు పెట్టారు. కాసేపట్లోనే నొప్పి దిగింది. పాత లెటర్ మీద తేదీ కొట్టేసి కొత్తది వేయలేదు. కొట్టివేతలున్న కాగితాన్ని ఏ హెచ్ఆర్ అయినా అనుమానంగానే చూస్తుంది. 16వ తేదీతో రెండో లెటర్ రాశారు. మొదటి లెటర్ తేదీ ప్రస్తావించి, గాయం మానడంలో జాప్యం వల్ల 16, 17 తేదీల్లో కూడా విశ్రాంతి అవసరమనీ, 18న చేరవచ్చనీ, మాట్లాడే పని మీద పరిమితి 22 వరకు పొడిగించాలనీ అందులో ఉంది. అందుకే అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా క్లినిక్‌కు వెళ్లడం అవసరం. ఇంట్లోనే మాత్రలతో నెట్టుకొచ్చి బుధవారం వెళ్లి "సోమవారం నుంచి రాయండి" అంటే, తాను చూడని రోజులకు డాక్టర్ పూచీపడలేరు. "రోగి చెప్పినదాని ప్రకారం సోమవారం నుంచి నొప్పి" అని రాయగలరేమో గానీ, లెటర్ మీద తేదీ బుధవారమే ఉంటుంది.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ల దారి వేరు. ప్రైవేటు డెంటిస్ట్ లెటర్ కంపెనీకి సెలవు కోసం పనికొస్తుంది గానీ, ఈఎస్ఐ నుంచి అనారోగ్య భత్యం రావాలంటే ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజులదాకా ఇస్తారు. అయితే మొదటి రెండు రోజులకు మామూలుగా భత్యం ఉండదు, కాబట్టి ఇలాంటి చిన్న సెలవుకు చేతికొచ్చేది కొద్దిగానే. ప్రభుత్వ ఉద్యోగులు సెలవు మొదలయ్యేటప్పుడు మెడికల్ సర్టిఫికెట్‌తో పాటు, తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాల్సి ఉంటుంది. దాని నమూనా ఆఫీసులోనే దొరుకుతుంది, సర్జరీకి ముందే తెచ్చి డాక్టర్‌కు ఇస్తే సరి.

19న కుట్లు తీశారు. నోరు అప్పటికి రెండు వేళ్లు తెరుచుకుంటోంది. గోరువెచ్చటి గ్లాసు నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించడం కొనసాగించమన్నారు. 20 శుక్రవారం వరకు చాట్ డెస్క్ మీద పనిచేసి, 23 సోమవారం హెడ్‌సెట్ పెట్టుకున్నాను. రెండు లెటర్లనూ స్కాన్ చేసి హెచ్ఆర్ పోర్టల్‌లో ఒకే సెలవు దరఖాస్తుకు జతచేశాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంచుకున్నాను, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలంటే అవే అడుగుతారు.