మినిమమ్ కాయిన్ చేంజ్: లూప్ తిరగేస్తే టేబుల్‌లో ఏమవుతుంది

డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో మినిమమ్ కాయిన్ చేంజ్ అంటే రికరెన్స్ కంఠతా వచ్చేసిందని ముందుకెళ్లిపోతాం. పరీక్షలో చిక్కు అక్కడ రాదు. లూప్ ఇచ్చి ఈ క్రమంలో నింపితే చెల్లుతుందా అని ఒకచోట అడుగుతారు, చివరి గడిలో ఎంత ఉంటుందని ఇంకోచోట అడుగుతారు. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. క్రమం సరిగ్గా ఉండి కూడా జవాబు తప్పవచ్చు, క్రమం తప్పి కూడా కొన్ని మొత్తాలకు సరైన జవాబే రావచ్చు. రెంటినీ కలిపేసి చూసేవాళ్లే ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

ముందు రికరెన్స్ ఒకచోట పెట్టుకుందాం. మొదటి i రకాల నాణేలతో, ఒక్కో రకాన్ని ఎన్నిసార్లైనా వాడుకుంటూ, j మొత్తం చేయడానికి పట్టే కనీస నాణేల సంఖ్య M[i][j]. i-వ రకం నాణెం విలువ d[i], చేయలేని మొత్తానికి గుర్తు INF.

```
M[i][0] = 0
M[0][j] = INF                                (j > 0)
M[i][j] = M[i-1][j]                          (j < d[i])
M[i][j] = min(M[i-1][j], 1 + M[i][j-d[i]])   (j >= d[i])
```

ఇందులో ఒక గడికి కావలసినవి రెండే రెండు గడులు. ఒకటి సరిగ్గా పైన ఉన్నది. రెండోది అదే రోలో d[i] గడులు ఎడమకు ఉన్నది. ఆ రెండో పదంలో i-1 కాకుండా i ఉండటమే ఈ లెక్కకు ప్రాణం. అదే నాణేన్ని మళ్లీ వాడుకోవచ్చని చెప్పేది అదే.

క్రమం చెల్లాలంటే షరతు ఒకటే: ఏ గడి దగ్గరికి వచ్చినా దానికి కావలసిన ఆ రెండు గడులూ అప్పటికే నిండి ఉండాలి. అంతకు మించి ఇంకే నియమం లేదు. i బయటి లూప్‌గా, j లోపలి లూప్‌గా, రెండూ పెరుగుతూ పోతే షరతు నెరవేరుతుంది. j బయట, i లోపల పెట్టి రెండూ పెరుగుతూ పోయినా నెరవేరుతుంది: పై గడి అదే కాలమ్‌లో ఇంతకుముందే నిండింది, ఎడమ గడి వెనకటి కాలమ్‌లో ఎప్పుడో నిండింది. i+j సమానంగా ఉన్న గడుల్ని ఒక్కో ఐమూల గీతగా తీసుకుని నింపినా చెల్లుతుంది, ఎందుకంటే కావలసిన రెండు గడుల్లోనూ ఆ మొత్తం తక్కువే. ఏ లూప్ బయట ఉండాలి, ఏది ఎటు తిరగాలి అని చూస్తే రెండు లూపులకు 8 అమరికలు వస్తాయి. వాటిలో చెల్లేవి రెండే, i, j రెండూ పెరిగేవి.

గేట్ 2009లో లాంగెస్ట్ కామన్ సబ్‌సీక్వెన్స్ మీద సరిగ్గా ఇలాంటి ప్రశ్నే వచ్చింది. రో మేజర్‌గా గానీ కాలమ్ మేజర్‌గా గానీ నింపవచ్చన్నది అక్కడ జవాబు. ఇంకో ఆప్షన్ చూడటానికి బాగుంటుంది: p<r లేదా q<s అయితే L[r,s] కంటే ముందు L[p,q] లెక్కించి తీరాలని. (1,2), (2,1) గడుల్ని పెట్టి చూడండి. 1<2 కాబట్టి మొదటిది ముందు రావాలి, అదే లెక్కన రెండో సూచికలో కూడా 1<2 కాబట్టి రెండోది ముందు రావాలి. ఆ నియమం ప్రకారం ఏ టేబుల్‌నూ నింపలేం. "లేదా" అన్న ఒక్క మాటలోనే ఉచ్చు ఉంది.

ఇక ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. నాణేలు 1, 4, 6. మొత్తం 8. పెద్ద నాణెం ముందు తీసుకునే గ్రీడీ పద్ధతి 6+1+1 అని 3 నాణేలు ఇస్తుంది. అసలు జవాబు 4+4, అంటే 2. సరైన టేబుల్ ఇది:

```
j      0  1  2  3  4  5  6  7  8
d=1    0  1  2  3  4  5  6  7  8
d=4    0  1  2  3  1  2  3  4  2
d=6    0  1  2  3  1  2  1  2  2
```

చివరి గడి ఒక్కటి చూడండి. పైనున్నది 2. ఎడమకు 6 గడుల అవతల j=2 దగ్గర 2 ఉంది, ఒకటి కలిపితే 3. చిన్నది 2. ఇంకో సంగతి, రోలో విలువలు పెరుగుతూనే పోవాలని లేదు: j=3 దగ్గర 3 ఉండి j=4 దగ్గర 1కి పడిపోయింది. కిందికి దిగేకొద్దీ మాత్రం ఏ కాలమ్‌లోనూ విలువ పెరగకూడదు, ఎందుకంటే కొత్త నాణెం దొరికినంత మాత్రాన ఉన్న దారి పోదు. నింపేసిన టేబుల్ ఇచ్చి తప్పు గడి పట్టుకోమంటే ముందు ఇదే చూడండి, అర నిమిషం కూడా పట్టదు.

ఇప్పుడు లోపలి j లూప్‌ను తిరగేసి 8 నుంచి 1 వరకు నడుపుదాం. మొదటి రో, మొదటి కాలమ్ పద్ధతి ప్రకారమే ఉన్నాయి, మిగతా గడులన్నీ ముందుగా INFతో నింపి ఉన్నాయి. d=1 రోలో M[1][8]కి M[1][7] కావాలి, అదింకా INF. ఇలా ప్రతి గడీ తన ఎడమ గడి నిండకముందే దాన్ని చదివేస్తుంది. M[1][1] ఒక్కటే బాగుపడుతుంది, ఎందుకంటే దానికి కావలసిన M[1][0] బేస్ కేస్‌లోనే ఉంది. అలా చివరి రో ఇలా మిగులుతుంది:

```
j      0  1  2  3  4  5  6  7  8
d=6    0  1  ∞  ∞  1  ∞  1  ∞  ∞
```

అంటే ఒకే ఒక నాణెంతో అయ్యే మొత్తాలే బతికాయి. ఇదే తప్పు లూప్‌ను ముందుగా INF బదులు సున్నాలు పెట్టి నడిపితే M[3][8] దగ్గర 1 వస్తుంది. 8 విలువ గల నాణెమే లేదు! నిండని గడిలో ఏముంటే దాన్నిబట్టి జవాబు మారిపోతోందంటే క్రమం చెల్లలేదని అర్థం. సందేహం వచ్చినప్పుడు ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు: బేస్ కేసులు అలాగే ఉంచి మిగతా గడుల్లో ముందు ఏ చెత్త విలువ పెట్టినా చివరి టేబుల్ మారకూడదు.

ఒకే రో వాడే పద్ధతిలో ఇదే తిరగేత వేరే జవాబు ఇస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. కావలసిన మొత్తం n, మొదట C[0] సున్నా, మిగతా గడులన్నీ INF.

```
for d in coins:
    for j in range(n, d-1, -1):
        C[j] = min(C[j], 1 + C[j-d])
```

ఇక్కడ C[j-d] ఖాళీ గడి కాదు. అందులో వెనకటి నాణేల వరకు లెక్కించిన విలువ ఉంది. అంటే ఈ లూప్ చదివేది M[i][j-d] కాదు, M[i-1][j-d]. ఒక్కో నాణేన్ని ఒక్కసారే వాడాలన్న మరో సమస్యకు ఇది సరైన ప్రోగ్రామ్. మన నాణేలతో నడిపితే:

```
j      0  1  2  3  4  5  6  7  8
C      0  1  ∞  ∞  1  2  1  2  ∞
```

సరైన చివరి రోతో పోల్చి చూడండి. 1, 4, 5, 6, 7 దగ్గర విలువలు కలిశాయి. 2, 3, 8 దగ్గర తప్పాయి. పరీక్ష హాల్లో లూప్‌ను j=5తోనో 7తోనో సరిచూసుకుని సరే అనుకుంటే మోసపోతాం. సరిచూసుకోవడానికి ఒకే నాణెం రెండుసార్లు తప్పనిసరిగా పడే మొత్తాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ 2 చాలు: 1+1 తప్ప దానికి వేరే దారి లేదు.

లోపలి లూప్‌ను d నుంచి n వరకు పెరిగేలా మార్చితే C[j-d] అదే నాణెంతో అప్పటికే సవరించిన విలువ అవుతుంది, జవాబు 2 వస్తుంది. నాణేలు బయట, మొత్తాలు లోపల పెట్టినా, మొత్తాలు బయట, నాణేలు లోపల పెట్టినా కనీస సంఖ్య మారదు. దీన్ని "ఎన్ని విధాలుగా" అని అడిగే లెక్కతో కలపకండి. నాణేలు 1, 4, మొత్తం 5 అనుకోండి. నాణేలు బయట ఉంటే 2 విధాలు వస్తాయి: ఐదు 1లు, లేదా ఒక 1 ఒక 4. మొత్తాలు బయట ఉంటే 1+4, 4+1 వేరువేరుగా లెక్కకొచ్చి 3 అవుతాయి. కూడేటప్పుడు ఒకే కలయిక రెండుసార్లు ఎదురైతే సంఖ్య పెరుగుతుంది. చిన్నది ఎంచుకునేటప్పుడు ఎన్నిసార్లు ఎదురైనా ఒకటే. అందుకే అక్కడ లూపుల స్థానం ముఖ్యం, ఇక్కడ కాదు.

నాణేల జాబితా ఏ క్రమంలో ఉన్నా కూడా ఇక్కడ ఫర్వాలేదు, ఒక్క సందర్భంలో తప్ప. మొత్తాలు బయట ఉన్న లూప్‌లో `if (d > j) break;` అని రాసి ఉంటే జాబితా చిన్న నుంచి పెద్దకు ఉండి తీరాలి. 6, 1, 4 అని ఇచ్చి ఉంటే j=4 దగ్గర మొదటి 6కే లూప్ ఆగిపోతుంది, 4 నాణెం దాకా చేరనే చేరదు. అక్కడ `continue` ఉండాలి. ఆప్షన్లలో ఈ ఒక్క పదమే తేడాగా ఉన్న రెండు కోడ్లు కనిపిస్తే నాణేల జాబితా వైపు చూడండి.

క్రమం నిక్షేపంగా ఉండి జవాబు చెడేది ఎక్కువగా INF దగ్గర. నాణేలు 4, 6, మొత్తం 9. రెండూ సరిసంఖ్యలే కాబట్టి 9 అసాధ్యం. INF బదులు జావాలో `Integer.MAX_VALUE` పెట్టారనుకోండి. C[5] లెక్కించేటప్పుడు 1 + C[1] చేస్తే విలువ తిరగబడి -2147483648 అవుతుంది. min దాన్నే ఎగబడి తీసుకుంటుంది. అక్కడినుంచి టేబుల్ అంతా రుణ సంఖ్యలే. సీలో అయితే ఆ కూడికకు ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు. దీనికి తేలికైన మందు n+1. ఏ నాణెం విలువా 1 కంటే తక్కువ కాదు కాబట్టి n మొత్తానికి n కంటే ఎక్కువ నాణేలు ఎప్పుడూ పట్టవు, n+1 వస్తే అది నిజమైన జవాబు అయ్యే అవకాశమే లేదు. ఈ ఉదాహరణలో INF 10 అవుతుంది. C[9] దగ్గర C[5], C[3] రెండూ 10 కాబట్టి min(10, 11, 11) చేసి 10 మిగులుతుంది. 9 కంటే ఎక్కువ వచ్చింది కాబట్టి -1 తిరిగివ్వాలి. ఆ చివరి పోలిక రాయకుండా C[n]ను అలాగే తిరిగిచ్చే కోడ్ 9కి 10 నాణేలు చాలని చెబుతుంది.